సందేహాలు – సమాధానాలు: ఆఫీసు ఈమెయిళ్ల ఇంగ్లీషుకు పదాల ఎంపిక

సందేహం: మా ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న పెద్దవాళ్లకు సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతున్నాను. ఆఫీసు ఈమెయిళ్లకు పనికివచ్చే మూడు నాలుగు వందల పదాలు, ఎక్కువగా వాడేవి ముందు వచ్చేలా, తెలుగు అర్థాలతో ఒక పట్టికగా ఇవ్వాలనుకుంటున్నాను. నెట్‌లో దొరికే తరచుదనపు పట్టికలు తీసుకుంటే సరిపోతుందా? లేక మా విద్యార్థుల ఆఫీసు మెయిళ్లనే లెక్కపెట్టుకోవాలా?

సమాధానం: సిద్ధంగా ఉన్న పట్టికలు పునాదికి పనికివస్తాయి కాని, మీకు కావలసిన పైఅంతస్తు వాటిలో దొరకదు. 2013లో వెలువడిన న్యూ జనరల్ సర్వీస్ లిస్ట్‌లోని సుమారు 2,800 పదాలు సాధారణ ఇంగ్లీషు రచనలో తొంభై శాతానికి పైగా ఆక్రమిస్తాయి కనుక, మీ విద్యార్థులకు అందులో ఏవి తెలుసో, ఏవి తెలియవో ముందు పరీక్షించి చూసుకోవడం మంచిది. అదే బృందం తయారుచేసిన బిజినెస్ సర్వీస్ లిస్ట్ వ్యాపార వార్తలు, పత్రికలు, పుస్తకాల వంటి రచనల నుంచి తీసినది. ఒక గుమస్తా తన పై అధికారికి రాసే నాలుగు వాక్యాల మెయిల్ భాష వేరు.

నిజమైన ఆఫీసు మెయిళ్ల భాండాగారం కావాలంటే బహిరంగంగా దొరికేవాటిలో పేరున్నది ఎన్రాన్ కంపెనీది. ఆ కంపెనీపై విచారణ సందర్భంగా అమెరికాలోని ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ 2003లో దాన్ని బయటపెట్టింది. సుమారు 150 మంది ఉద్యోగుల మెయిళ్లు, అన్నీ కలిపి దాదాపు ఐదు లక్షలు, అందులో ఉన్నాయి. అయితే అది ఇంధన వ్యాపారం చేసిన కంపెనీ కావడం వల్ల ‘గ్యాస్’, ‘పవర్’, ‘ఎనర్జీ’ వంటి మాటలు పైకి తేలుతాయి. పైగా రాసినవారిలో చాలామంది పెద్ద హోదాల వాళ్లు, కాలమేమో ఇరవై ఏళ్ల పైమాట. అందువల్ల మీ విద్యార్థుల ఆఫీసు మెయిళ్లనే లెక్కపెట్టడం మేలని నా అభిప్రాయం. ఆఫీసువారి అనుమతి తీసుకుని, పేర్లు, ఫోను నంబర్లు, ఖాతా వివరాలు తొలగించిన తరువాతే ఆ పని చేయండి.

లెక్కకు ముందు శుభ్రం చేయడమే అసలు పని. జవాబు మెయిల్ కింద పాత మెయిళ్లన్నీ వేలాడుతూ ఉంటాయి కనుక, ఐదుసార్లు అటూ ఇటూ తిరిగిన సంభాషణలో మొదటి మెయిల్ ఐదుసార్లు లెక్కకు వస్తుంది. కింది సంతకాలు, కంపెనీ చట్టపరమైన హెచ్చరికలు కూడా అంతే. పట్టిక తలలో ‘సెంట్’, ‘రోట్’, ‘సబ్జెక్ట్’, ‘పీఎమ్’, ‘కాన్ఫిడెన్షియల్’ వంటివి కనబడితే శుభ్రం సరిగా జరగలేదని గ్రహించండి. లెక్కపెట్టడానికి AntConc అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

తరువాతి చిక్కు తరచుదనం ఒక్కదాన్నే నమ్మడం. ఇరవై మంది రాసిన రెండు వందల మెయిళ్లు మీ దగ్గర ఉన్నాయనుకుందాం. ‘ఇన్వాయిస్’ 96 సార్లు, ‘అటాచ్డ్’ 70 సార్లు, ‘కన్ఫర్మ్’ 35 సార్లు, ‘రివైజ్డ్’ 22 సార్లు వచ్చాయనుకోండి. అంకెల ప్రకారం ‘ఇన్వాయిస్’ మొదటిది. కాని అది అకౌంట్స్ విభాగంలోని ముగ్గురే వాడారని, ‘అటాచ్డ్’ పదిహేడుగురు, ‘కన్ఫర్మ్’ పదహారుగురు, ‘రివైజ్డ్’ పదముగ్గురు వాడారని తేలితే చిత్రం మారిపోతుంది. ఎంతమంది వాడారన్నది ముందు చూసి, కనీసం సగం మంది వాడిన పదాలను మాత్రమే ప్రధాన పట్టికలో ఉంచి, వాటిని తరచుదనం ప్రకారం అమర్చండి. అప్పుడు ‘అటాచ్డ్’, ‘కన్ఫర్మ్’, ‘రివైజ్డ్’ వరుసగా నిలుస్తాయి. ‘ఇన్వాయిస్’ అకౌంట్స్ వారి చిన్న అనుబంధంలోకి వెళుతుంది.

ఇంత చిన్న సేకరణలో ఏడుసార్లు వచ్చిన పదానికీ ఆరుసార్లు వచ్చిన పదానికీ ఉన్న తేడా కేవలం కాకతాళీయం కావచ్చు. అందుచేత ప్రతి పదానికీ ఒక ర్యాంకు ఇవ్వకుండా, యాభై యాభై పదాల శ్రేణులుగా విడగొట్టడం నిజాయితీగా ఉంటుంది.

ఇక దేన్ని ఒక పదంగా లెక్కించాలన్నది తేల్చుకోవాలి. ‘అటాచ్’, ‘అటాచ్డ్’, ‘అటాచింగ్’ రూపాలను స్థానం నిర్ణయించడానికి కలిపి లెక్కించవచ్చు కాని, పట్టికలో మాత్రం మెయిళ్లలో ఎక్కువగా కనిపించిన రూపాన్నే ముందు చూపాలి. ఎందుకంటే మీ విద్యార్థి రాయబోయేది ఆ రూపమే. సాఫ్ట్‌వేర్ అక్షరాలనే చూస్తుంది, అర్థాన్ని కాదు. ‘డ్యూ’ 40 సార్లు వచ్చిందనుకోండి. ఆ నలభై వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి పేర్చి చదివితే, అందులో 26 ‘డ్యూ టు’ అని కారణం చెప్పేవి, 14 గడువు తేదీని చెప్పేవి అని తేలవచ్చు. అప్పుడు అవి రెండు వేర్వేరు పద్దులు, రెండు వేర్వేరు శ్రేణుల్లో. మనవాళ్లకు ‘డ్యూ’ అంటే వెంటనే స్ఫురించేది బాకీ కనుక ఇక్కడ విడదీయక తప్పదు. ఇందుకు విరుద్ధంగా, ‘లెట్’, ‘మీ’, ‘నో’ మూడూ విడివిడిగా అందరికీ తెలిసినవే అయినా ‘లెట్ మీ నో’ అన్న కట్టు రాయడం చాలామందికి చేతకాదు. రెండు, మూడు, నాలుగు పదాల కట్లను కూడా అదే సాఫ్ట్‌వేర్‌తో లెక్కపెట్టి, తగినన్నిసార్లు వచ్చినవాటిని పదాలతో పాటే వరుసలో కూర్చండి.

తెలుగువారికి మరో ప్రత్యేకమైన విషయం ఉంది. ‘మీటింగ్’, ‘లీవ్’, ‘ఫైల్’, ‘ఫార్వర్డ్’, ‘అప్రూవల్’ వంటివి ఎంత తరచుగా వచ్చినా వాటి అర్థం చెప్పవలసిన అవసరం ఉండదు. చెవికి తెలిసిన మాటలే, చేతికి రానివి స్పెల్లింగులే. వీటికి ఒక గుర్తు పెట్టి, అర్థానికి బదులు రాత అభ్యాసం ఇవ్వండి. ‘రివర్ట్’ మాత్రం జాగ్రత్త. మన ఆఫీసుల్లో అది ‘జవాబివ్వండి’ అన్న అర్థంలో విరివిగా కనిపిస్తుంది కనుక లెక్కలో పైకి వస్తుంది. మెయిల్ అందుకునే విదేశీయుడికి అది పూర్వస్థితికి మరలడమనే అర్థాన్నే ఇవ్వవచ్చు కనుక, దాన్ని తీసివేయకుండా పక్కన ‘రిప్లై’ రాసి చూపండి. తరచుదనం మన వాడుకను ఉన్నదున్నట్టు చూపుతుంది కాని, ఎవరికి ఏది అర్థమవుతుందో చెప్పదు.

పట్టిక ఎక్కడ ఆపాలన్నదానికి మూడు వందలు, నాలుగు వందలు అన్న అంకె ముందుగా పెట్టుకోనక్కరలేదు. లెక్కలో చేర్చని ముప్పై మెయిళ్లు మొదటే పక్కన పెట్టుకోండి. విద్యార్థులకు ఇంతకుముందే తెలిసిన పదాలకు మీ మొదటి యాభైని కలిపి, ఆ ముప్పై మెయిళ్లలోని మాటల్లో ఎంత శాతం గుర్తుపట్టగలరో చూడండి. తరువాత రెండో యాభై, మూడో యాభై కలుపుతూ పొండి. ఒక శ్రేణి చేర్చినా శాతం పెద్దగా కదలకపోతే అక్కడే ఆపి, మిగిలినవాటిని విభాగాలవారీ అనుబంధాల్లోకి నెట్టండి. ఏడాది తరువాత కొత్త మెయిళ్లతో ఇదే పరీక్ష మళ్లీ చేస్తే ఏ పదాలు పాతబడ్డాయో, ఏవి కొత్తగా చేర్చాలో తెలుస్తుంది.