ఆర్‌సీడీ 24 మిల్లీసెకన్లలో పడింది, లూప్ మాత్రం 4.2 ఓమ్‌లు

ప్రశ్న: టీఎన్ వ్యవస్థలో సి 16 ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ ఉన్న సాకెట్ సర్క్యూట్. సాకెట్ దగ్గర లూప్ ఇంపెడెన్స్ 4.2 ఓమ్‌లు వచ్చింది. ఎంసీబీకి పరిమితి 1.44 కదా? ఆర్‌సీడీ మాత్రం 24 మిల్లీసెకన్లలో పడింది. పాస్ రాయవచ్చా?

జవాబు: డిస్‌కనెక్షన్ సమయం వరకైతే సరిపోతుంది. 230 వోల్టుల ఫైనల్ సర్క్యూట్‌కు టీఎన్‌లో 0.4 సెకను గడువు; 4.2 ఓమ్‌లతో ఎర్త్ ఫాల్ట్‌లో సుమారు 55 ఆంపియర్లు పారుతుంది, ఆర్‌సీడీకి అది చాలా ఎక్కువ. అయినా నేనైతే అప్పుడే సంతకం పెట్టను. ఒకసారి పెట్టబోయి ఆగాను.

ఆ సర్క్యూట్‌లో బోర్డు దగ్గర లూప్ 0.35. కేబుల్ 20 మీటర్లు, ఫేజ్ 2.5, ఎర్త్ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి. లెక్క ప్రకారం ఫేజ్‌కు 0.15, ఎర్త్‌కు 0.24, అన్నీ కలిపితే 0.74 రావాలి. మీటరు 4 దాటి చూపింది. ఆర్‌సీడీ పడకుండా చేసే నో-ట్రిప్ పరీక్షలో కరెంటు చాలా తక్కువ కాబట్టి రీడింగు కొన్ని దశాంశాలు తప్పవచ్చు. మూడున్నర ఓమ్‌లు మాత్రం మీటరు తప్పు కాదు.

సరఫరా ఆపి, లేదని నిర్ధారించుకుని, సర్క్యూట్‌ను వేరుచేసి బోర్డులో ఫేజ్‌ను ఎర్త్‌తో కలిపాను. సాకెట్ దగ్గర ఆ రెండింటి మధ్య 0.39 రావాల్సింది, 3.6 వచ్చింది. తీగ కదిపితే అంకె గంతులు వేసింది. మధ్యలోని జంక్షన్ బాక్సు తెరిస్తే ఎర్త్ తీగ ఇన్సులేషన్ మీదే స్క్రూ బిగించి ఉంది. రాగి అంచు తగిలీ తగలనట్టుంది. ఒలిచి బిగించాక 0.41.

ఇదంతా ఆర్‌సీడీ సమయంలో కనిపించదు. 50 వోల్టుల స్పర్శ వోల్టేజీ పరిమితిని 30 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 1667 ఓమ్‌లు. ఆర్‌సీడీకి 0.7 అయినా 4.2 అయినా ఒకటే. టెస్టు బటన్ సంగతి ఇంకా చిత్రం: అది ఎర్త్ తీగను అసలు వాడదు.

అలా వదిలేస్తే ఫాల్ట్ వచ్చిన క్షణంలో పరికరం లోహపు ఒంటి మీద దాదాపు 200 వోల్టులు ఉంటాయి, ఎందుకంటే అదనపు నిరోధమంతా ఎర్త్ దారిలోనే ఉంది. ఆర్‌సీడీ మొరాయిస్తే 55 ఆంపియర్లకు సి 16 తక్షణం పడుతుందన్న హామీ లేదు. దానికి 160 ఆంపియర్లు కావాలి. వేడితో పడేసరికి సెకన్లు గడుస్తాయి.

ఫేజ్, న్యూట్రల్ మధ్య లూప్ కూడా కొలవండి. ఆ షార్ట్‌ను ఆర్‌సీడీ గుర్తించలేదు, ఎంసీబీయే తెంచాలి. అది 0.65 దగ్గర వచ్చి, ఎర్త్ లూప్ మాత్రం 4.2 అయితే మీ లోపం కూడా ఎర్త్ తీగలోనే. రెండూ ఎక్కువగా వస్తే ఫేజ్ కీళ్లు చూడండి. అక్కడైతే మామూలు లోడుకే వేడెక్కుతుంది.