గేజీ ఫోటో చూసే ముందు

చిట్టితల్లీ,

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల మెయింటెనెన్స్ ఆఫీసులో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా ఇంట్లో ఇన్నాళ్లూ నేనొక్కడినే అమ్మోనియా మిషన్ల దగ్గర పనిచేశాను. ఇప్పుడు మేనకోడలు కూడా ఈ పనిలోకి వస్తోందంటే ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. టెన్షన్ వల్ల కూడా పట్టలేదనుకో. నువ్వు మిషన్ దగ్గర ఉండవట. ఆపరేటర్లు వాట్సాప్‌లో పంపే గేజీల ఫోటోలు చూసి రీడింగులు రాసుకుని, తేడా వస్తే చెప్పాలట. మిషన్ పక్కన నిలబడినవాడికి శబ్దం, వాసన, పైపు మీది చెమట కూడా సాయం చేస్తాయి. నీకు ఉండేది ఫోటో ఒక్కటే. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. గుండ్రటి డయల్ కింద మరతో పైపుకి బిగించి, మీద kg/cm² అనో bar అనో psi అనో ఉంటే అది ప్రెషర్ గేజీ. ప్యానెల్ బోర్డులో చతురస్రంగా ఉండి, ముల్లు ఒక మూల నుంచి తిరుగుతూ, మీద A అని ఉంటే అది అమ్మీటర్. మోటారు ఎంత కరెంటు లాగుతోందో అది చెబుతుంది. దాని పక్కనే అచ్చం అలాంటిదే V అని ఉంటుంది, అది ఓల్టేజీ. ఫ్లాష్ పడి అక్షరం కనపడకపోతే మిషన్ ఆపినప్పటి ఫోటో అడుగు. అమ్మీటర్ ముల్లు సున్నాకి పడిపోతుంది, ఓల్ట్ మీటర్ ముల్లు 415 దగ్గరే నిలబడి ఉంటుంది. అమ్మీటర్ స్కేలు మొదట్లో గీతలు ఇరుకుగా ఉంటాయి, మోటారు అమ్మీటర్‌కైతే చివర్లోనూ ఇరుకే. స్టార్టింగులో లాగే పెద్ద కరెంటు కోసం ఆ చివరి భాగం ఉంచుతారు. రెండు గీతల మధ్య ఎంత ఉందో ఒకచోట లెక్కపెట్టి స్కేలంతా అదే అనుకోకు.

ఛాంబర్ థర్మామీటర్ మీద °C ఉంటుంది, వెనక నుంచి సన్నటి రాగి తీగలాంటి గొట్టమో, నిటారు కడ్డీయో బయటికి వస్తుంది. మిషన్ ఆగి ఉన్నా అది సున్నాకి రాదు, అక్కడి వేడి ఎంతో అంతే చూపిస్తుంది. సున్నా స్కేలు మధ్యలో ఉంది కాబట్టి థర్మామీటరే అనుకుంటావేమో, తొందరపడకు. కంప్రెసర్ ఆవిరిని లాక్కునే వైపు ఉండే మన సక్షన్ గేజీకి కూడా సున్నా మధ్యలోనే ఉంటుంది, దాని ఎడమ వైపు వాక్యూమ్.

ఇక అసలు సంగతి. ఇది కుదురుగా కూర్చుని చదువు. అమ్మోనియా ప్రెషర్ గేజీ మీద రెండు వలయాలు ఉంటాయి. ఒకటి ప్రెషర్, రెండోది ఎక్కువగా ఎర్ర రంగులో °C. మధ్యలో NH3 అనో R717 అనో రాసి ఉంటుంది. °C కనపడగానే థర్మామీటర్ అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఆ గేజీకి వేడి, చలి తెలియవు తల్లీ. లోపల వంపు తిరిగిన స్టీలు గొట్టం ప్రెషర్‌కి కాస్త విచ్చుకుంటుంది, ముల్లు కదులుతుంది, అంతే. ఆ ప్రెషర్ దగ్గర అమ్మోనియా ఏ ఉష్ణోగ్రతలో మరుగుతుందో ఎర్ర వలయం మీద ముందే అచ్చువేసి పెట్టారు. కాయిల్‌లో ద్రవం, ఆవిరి కలిసి ఉన్నచోటే ఆ అంకె నిజం. కంప్రెసర్ ఆవిరిని బయటికి తోసే వైపున్న డిశ్చార్జి గేజీ 12.5 చూపిస్తే ఎర్ర వలయం మీద 34 దగ్గర ఉంటుంది. అదే పైపుకి థర్మామీటర్ పెడితే 100 దాటి చూపించవచ్చు. రెండూ కరెక్టే. ఆ పైపులో ఉన్నది కంప్రెసర్ నుంచి కాగి వచ్చిన ఆవిరి, 34 అనేది కండెన్సర్‌లో అది ద్రవంగా మారే ఉష్ణోగ్రత.

ఇది కలగాపులగం చేస్తే ఏమవుతుందో ఒకచోట కళ్లారా చూశాను. నైట్ డ్యూటీకి కొత్తగా ఒక కుర్రాణ్ణి పెట్టారు. మంచి పిల్లవాడు, ఎవరూ ఏమీ నేర్పలేదు. ఛాంబర్ థర్మామీటర్ కారిడార్ చివర ఉండేది. వాడు అంత దూరం పోకుండా, మిషన్ దగ్గరున్న సక్షన్ గేజీ ఎర్ర అంకెనే పుస్తకంలో ‘ఛాంబర్ టెంపరేచర్’ గడిలో రాస్తూ వచ్చాడు. మొదట ప్రెషర్ 2.5 ఉండేది, ఎర్ర అంకె −5. తర్వాత ప్రెషర్ 2కి వచ్చింది, ఎర్ర అంకె −9. ఆ తర్వాత 1.5కి దిగింది, −14 అని రాశాడు. ఎండుమిర్చి గడ్డకట్టే సరుకు కాదు కదా, ఎవరికీ అనుమానం రాలేదు. చల్లదనం బాగా పెరిగిందని యజమాని మిషన్ నడిపే గంటలు కూడా తగ్గించమన్నాడు.

నేను వెళ్లి ఛాంబర్ తలుపు తీస్తే ముక్కిన వాసన కొట్టింది. అసలు థర్మామీటర్ 12 చూపిస్తోంది, ఉండాల్సింది 5 దగ్గర. కాయిల్ ఫిన్నులు ఒక్కటి కూడా కనపడటం లేదు, అంతా తెల్లటి మంచు గోడ. పై వరసలో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, చేతికి తడిగా తగిలాయి. జరిగింది ఇదీ: కాయిల్ మీద మంచు పేరుకుంటే గదిలోని వేడి లోపలి అమ్మోనియాకి చేరదు. మరగడం తగ్గుతుంది, కంప్రెసర్ మాత్రం లాగుతూనే ఉంటుంది, సక్షన్ ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ పడితే ఎర్ర అంకె ఇంకా కిందికి పోతుంది. గేజీ ‘చల్లబడుతోంది’ అంటున్నకొద్దీ గది వేడెక్కుతోందన్నమాట. అమ్మీటర్ కూడా తన వంతు చెప్పింది, 70 ఉండేది 55కి వచ్చింది. ఆవిరి పలచబడితే మోటారుకి బరువు తగ్గుతుంది. కరెంటు ఆదా అవుతోందని దానికీ సంతోషపడ్డారు. డీఫ్రాస్ట్ చేశాక మూడు అంకెలూ మెల్లగా దారికి వచ్చాయి, తడిసిన టిక్కీలు మాత్రం రైతులకి నష్టమే. ఆ కుర్రాణ్ణి అందరూ తిట్టారు. పుస్తకంలో సంతకాలు పెట్టినవాళ్లని ఎవరూ అడగలేదు.

అందుకే నువ్వు సక్షన్ గేజీ రాసేటప్పుడు kg/cm² వలయం అంకె మాత్రమే రాయి. ఏ వలయం ఏదో రంగుని బట్టి కాదు, పక్కనున్న అక్షరాలని బట్టి తేల్చుకో. కంపెనీని బట్టి రంగులు, లోపల బయట స్థానాలు మారుతుంటాయి. ఛాంబర్ టెంపరేచర్‌కి వేరే ఫోటో రావాలి. ఒక్క డయల్‌నే దగ్గరగా తీసి పంపితే ఒప్పుకోకు, కొంచెం దూరం నుంచి అది దేనికి బిగించి ఉందో కనపడేలా ఇంకోటి అడుగు. పక్క నుంచి తీసిన ఫోటోలో ముల్లు ఒక గీత అటో ఇటో కనపడుతుంది, ఎదురుగా తీయించు. నిన్నటి ఫోటోలోనూ ఈరోజు ఫోటోలోనూ ముల్లు వెంట్రుకవాసి కూడా కదలకపోతే గేజీ కాక్ మూసి ఉందేమో, ముల్లు పట్టేసిందేమో చూడమను.

ఇంకొకటి, ఇది నా భయమే అనుకో. స్పష్టమైన ఫోటో కోసం ఆపరేటర్‌ని మిషన్ మీదికి ఎక్కమని, వంగమని ఎప్పుడూ అనకు. అమ్మోనియా వాసన ఎక్కువగా ఉందని ఎవరైనా అంటే రీడింగు సంగతి వదిలెయ్, వాణ్ణి ముందు బయటికి రమ్మని చెప్పు. అవతల ఉన్నది కూడా ఒక అమ్మ బిడ్డే.

మొదటి వారం అనుమానం వచ్చిన ఫోటోలన్నీ రాసిపెట్టుకో, ఆదివారం ఇంటికొచ్చినప్పుడు కూర్చుని చూద్దాం. భోజనం వేళకి చెయ్యి, మీ అమ్మ అదే బెంగ పెట్టుకుంది.

మీ మామయ్య