రెండంతస్తుల తెల్ల కేకుకి ఫోటో తీసేటప్పుడు

లావణ్యా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. కేకు చక్కగా కుదిరింది కానీ ఫోటోలో ప్లాస్టిక్ బొమ్మలా పడింది. లోపం నీ పైపింగ్‌లో లేదమ్మా, వెలుతురు ఎదురుగా కొట్టడంలో ఉంది. స్టార్ నాజిల్‌తో వేసిన పువ్వులో గాడికి ఒక పక్క వెలుగు, రెండో పక్క సన్నటి నీడ ఉంటేనే అది గాడిలా కనబడుతుంది. ఫ్లాష్ వేస్తే ఆ నీడ కాస్తా పోయి, పువ్వంతా తెల్లటి ముద్దయిపోతుంది.

అందుకని ఫ్లాష్ తీసెయ్, గదిలో లైట్లన్నీ ఆర్పెయ్. పసుపు బల్బు ఒక్కటి వెలుగుతున్నా క్రీమ్ ఒక వైపు నీలంగా, ఇంకో వైపు పసుపుగా వస్తుంది. తర్వాత ఫోన్లో ఎంత దిద్దినా అది సరికాదు. కిటికీకి రెండు మూడడుగుల దూరంలో బల్ల వేసుకో. కిటికీ కేకుకి ఎడమ పక్కన ఉండాలి, నీ వెనక కాదు. ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టు. కుడి వైపు మరీ చీకటిగా ఉంటే అడుగున్నర దూరంలో థర్మకోల్ షీటు నిలబెట్టు. దాన్ని దగ్గరికి జరిపే కొద్దీ నీడలు పల్చబడతాయి. పువ్వు గాడుల మీదే కన్నుంచి, అవి చెరిగిపోక ముందే ఆపు.

పక్క వెలుతురుతో ఒక చిక్కుంది. అందం చూపించినట్టే తప్పులనూ చూపిస్తుంది. క్రీమ్‌ని ఎక్కువ గిలక్కొడితే గరుకుగా, చిన్న చిన్న బొరియలతో వస్తుంది కదా, అవన్నీ ఫోటోలో తేలతాయి. పాలెట్ నైఫ్‌ని వేడి నీళ్లలో ముంచి, పొడిగా తుడిచి, ఆ చోట ఒక్కసారి మెల్లగా లాగు. మళ్లీ మళ్లీ రుద్దితే క్రీమ్ ఇంకా పగులుతుంది. వానాకాలంలో ఫ్రిజ్ నుంచి తీయగానే కేకు మీద చెమ్మ పడుతుంది, గులాబీ రంగు పువ్వులైతే రంగు కారుతుంది కూడా. కాబట్టి బల్ల, వెనక గుడ్డ, ఫోన్ స్టాండు అన్నీ ముందే సర్దుకుని, ఒక ఖాళీ గిన్నె పెట్టి వెలుతురు సరిచూసుకున్నాకే కేకు బయటికి తియ్యి. పడిన చెమ్మని గుడ్డతో అద్దొద్దు, మచ్చ నిలిచిపోతుంది.

ఇక అంతస్తులు. కింద 8 అంగుళాలు, పైన 6 అంగుళాల కేకు పెట్టావనుకో, చుట్టూ ఒక్క అంగుళం గట్టే మిగులుతుంది. ఆ గట్టు మీది అంచు పైపింగ్ కనబడాలంటే, రెండు కేకులు కలిసే చోటుకి కాస్త పైన ఫోన్ ఉండాలి. నిలబడి పై నుంచి తీస్తే కింది అంతస్తు కుంచించుకుపోయి, పైది బోర్లించినట్టు కనబడుతుంది. దగ్గరికి వెళ్లి తీసినా అదే తంటా. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, 2x పెట్టి, ఫోన్‌ని నిటారుగా పట్టుకో.

తెల్ల కేకు వెనక ముదురు గుడ్డ కడితే, ఫోన్ మొత్తం బొమ్మని వెలిగించేసి క్రీమ్ మీది గీతలు పోగొడుతుంది. తెరమీద క్రీమ్ బాగా మెరిసే చోట వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. అప్పుడు పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని గీతలు కనబడే దాకా కిందికి లాగు.

కొవ్వొత్తులు చివర్న. ఐదుంటే వరసగా గుచ్చకు, ముందున్న పువ్వులు కనబడకుండా పోతాయి. పై కేకు వెనక సగంలో అర్ధచంద్రంలా పెట్టు. అంకె కొవ్వొత్తి అయితే దాని ముఖం ఫోన్ వైపు తిప్పు. క్రీమ్‌లో మాత్రమే గుచ్చితే ఒరుగుతాయి, లోపలి స్పాంజి దాకా అంగుళం దిగాలి. గుచ్చే ముందే ఒక్కొక్కదాన్నీ బయట వెలిగించి ఆర్పితే, వత్తి నల్లబడి తర్వాత వెంటనే అంటుకుంటుంది. ముందు వెలిగించకుండా కావలసిన ఫోటోలన్నీ తీసేసుకో. ఆపైన ఫ్యాన్ ఆపి, కర్టెన్ సగం మూసి వెలిగించు. పట్టపగటి వెలుతురులో మంట అసలు కనబడదు మరి. వెలిగించాక గబగబా పది ఫోటోలు తీసి ఆర్పెయ్, ఆలస్యమైతే మైనం క్రీమ్ మీద కారుతుంది.

తర్వాత ఎడిటింగులో రంగు పెంచకు. నువ్వు ఇచ్చేది లేత గులాబీ అయితే ఫోటోలోనూ లేత గులాబీయే ఉండాలి, లేకపోతే ఫోటో చూసి ఆర్డరిచ్చినవాళ్లు కేకు చేతికొచ్చాక పేచీ పెడతారు. ఫోటోకి వాడిన కొవ్వొత్తులు తీసేసి, ఆ రంధ్రాల్లోనే కొత్తవి గుచ్చి డెలివరీకి పంపు.

ఆశీస్సులతో,
పిన్ని