క్యాబ్ అని రాస్తే, ఎక్కడిదాకా అని అడుగు

బిడ్డా,

నువ్వు పంపిన ప్రకటన చదివిన. రాయదుర్గంలో ఆఫీసు, అమెరికా ప్రాసెస్, వారానికి ఐదు రోజులు, రొటేషనల్ ఆఫ్, క్యాబ్ సౌకర్యం. ఉప్పల్‌లో రూము తీసుకుంటే హన్మకొండ బస్సు దగ్గరైతదని నీ ఆలోచన. జీతం సంగతి తర్వాత, ముందు గంటల లెక్క చూద్దాం.

అమెరికా ప్రాసెస్ అంటే అక్కడి కస్టమర్ల పని, అక్కడి టైముకే చెయ్యాలె. అట్ల అన్నరు గని షిఫ్ట్ టైము రాయలేదు. కింద ఎక్కడన్నా EST అనో PST అనో ఉన్నదేమో వెతుకు. అమెరికా తూర్పు దిక్కున పొద్దున 9 అయితే మనకు సాయంత్రం 6:30. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అక్కడి గడియారం మారుతది కాబట్టి 7:30. PST అంటే పడమటి దిక్కు, ఇంకో మూడు గంటలు ఆలస్యం. అప్పుడు షిఫ్ట్ దిగేసరికి తెల్లారిపోతది.

EST అనుకుందాం, తొమ్మిది గంటల షిఫ్ట్. 6:30కు ఎక్కితే రాత్రి 3:30కు దిగుతవు. పోయేటప్పుడు ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే మెట్రో లైను, ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడు ఆ టైముకు మెట్రో ఉండదు. అంటే మొత్తం క్యాబ్ మీదనే ఆధారం.

క్యాబ్ సౌకర్యం అన్న మాటను నమ్మకు. ఇంటి ముందర దింపుతరా, నోడల్ పాయింట్ అని అందరినీ దింపే ఒక్క చోటున దింపుతరా? ఆఫీసు నుంచి ఎన్ని కిలోమీటర్ల లోపల? చాలా ఆఫీసులకు ఒక హద్దు ఉంటది. ఉప్పల్ ఊరికి ఆ చివర, హద్దు దాటే అవకాశమే ఎక్కువ. లోపలే ఉన్నా, ఒక్క బండిల ముగ్గురు నలుగురుంటే దూరపువాళ్లను ఆఖరున దింపుతరు. మ్యాపులో కనపడేది తిన్నగ పోయే టైము మాత్రమే, దానికి అరగంటో ముప్పావుగంటో కలుపుకో. సాయంత్రం 5కు ఇల్లు విడిస్తే మళ్ల చేరేది తెల్లవారుజామున 5కు. తొమ్మిది గంటల జీతానికి పన్నెండు గంటలు. ఆఫీసుకు దగ్గరున్న కొండాపూర్ దిక్కు రూము కిరాయి ఎక్కువనిపించినా, ఈ మూడు గంటలు కూడ లెక్కల వేసుకొని పోల్చు.

రొటేషనల్ ఆఫ్ అంటే ఆదివారం కాకపోవచ్చు. రెండు రోజులు కలిపి ఇస్తరా, విడివిడిగనా అన్నదే అసలు ప్రశ్న. మంగళవారం ఒక్కటే సెలవైతే, సోమవారం షిఫ్ట్ దిగేదే మంగళవారం 3:30కు; పగలంతా నిద్రకే పోతది. బుధవారం సాయంత్రం మళ్ల డ్యూటీ. ఇంటికొచ్చినా అమ్మ వండింది తిని, వెంటనే బస్సెక్కుడే.

AmbitionBoxలో ఆ కంపెనీ రివ్యూలు చూసేటప్పుడు హైదరాబాద్, నీ పోస్టు పేరు పెట్టి వడగట్టు. నక్షత్రాలు చూడకు, ఆర్నెల్ల లోపలి రాతలల్ల "వీక్ ఆఫ్ క్యాన్సిల్", "షిఫ్ట్ చెప్పకుండ మార్చిన్రు" అన్న మాటలు ఎన్నిసార్లొచ్చినయో లెక్కపెట్టు. ఒకటే వారంలో వరుసబెట్టి రెండు మాటల పొగడ్తలు పడితే వాటిని తీసెయ్. LinkedInలో అదే పోస్టుల ఉన్నోళ్లు ఎన్ని నెలలు పనిచేసిన్రో చూడు. ప్రకటన నెల నెలా మళ్ల పడుతూ, ఎక్కువమంది ఏడాది నిండకముందే పోయిన్రంటే, ఖాళీలు ఎట్ల ఏర్పడుతున్నయో అర్థమైతది.

అప్లై చేసే ముందు HRకు ఈ నాలుగే మెయిల్ చెయ్: షిఫ్ట్ టైము, ఎన్ని వారాలకొకసారి మారుతది, క్యాబ్ హద్దు, ఆఫ్‌లు కలిపా విడివిడా. ఫోన్ల చెప్పిన మాట పట్టుకోకు, రాతపూర్వకంగ రానీ.

నీ పెద్దబాపు