చుట్టాలు అయిపోయాక ఏజెంటుకు ఎవరు మిగులుతారు?

ప్రశ్న: బీకాం అయ్యాక ఎల్‌ఐసీ ఏజెన్సీ తీసుకున్నాను సార్. మాది తెనాలి. ముందు చుట్టాలందరిచేతా కట్టించమని మా డెవలప్‌మెంట్ ఆఫీసర్ రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇప్పటికే ఇద్దరు బాబాయిలు నా ఫోన్ ఎత్తడం లేదు. ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా ఈ పని సాగుతుందా?

జవాబు: సాగుతుందమ్మా, కానీ నెమ్మదిగా. కొన్నాళ్ళు కొత్త పాలసీల మాట పక్కనపెట్టి, మీ వీధిలో ఇప్పటికే ఉన్న పాత పాలసీలు చూడండి. ఏజెంటు మానేసి వెళ్ళిపోవడంతో పట్టించుకునేవాళ్ళు లేని బాండ్లు చాలా ఇళ్ళ బీరువాల్లో ఉంటాయి. పెళ్ళికి ముందు తీసుకున్న పాలసీలో నామినీగా చనిపోయిన తల్లి పేరే ఉంటుంది. బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి ఉండరు. ప్రీమియం ఆగి పాలసీ ల్యాప్స్ అయి ఉంటుంది. నామినీ మార్పు ఫారం నింపించి బ్రాంచిలో ఇచ్చి, రసీదు తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టండి. దీనికి కమీషన్ రాదు. అయితే ఆ ఇంట్లో కొత్త పాలసీ అనుకున్నప్పుడు కబురు మీకే వస్తుంది.

కొత్త పాలసీ రాసేటప్పుడు ఎంత కట్టగలరో లెక్క వేయండి. నెలకు ఇరవై వేలు సంపాదించే టైలర్ ఉన్నాడనుకుందాం. ఏడాదికి 48,000 ప్రీమియం అంటే ఆయన రాబడిలో అయిదో వంతు. మొహమాటానికి మొదటి ఏడాది కడతాడు, రెండో ఏడాది ఆపేస్తాడు. మీ రెన్యువల్ కమీషన్ ఆగుతుంది, ఆయన మాత్రం మీ గురించి పదిమందికి చెడ్డగా చెబుతాడు. అదే 12,000తో మొదలుపెట్టి, పెళ్ళిళ్ళ కుట్టుపని డబ్బు చేతికొచ్చే మే నెలలో ప్రీమియం కట్టే గడువు వచ్చేలా చూస్తే ఆ పాలసీ నిలబడుతుంది. ఇంటికి ఆయన సంపాదనే ఆధారమైతే ముందు టర్మ్ పాలసీ గురించి చెప్పండి. కమీషన్ తగ్గినా సరే.

ప్రపోజల్ ఫారంలో షుగర్, బీపీ దాచమని మీకు ఎవరైనా సలహా ఇస్తారు. వినకండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మొదటి మూడేళ్ళలో క్లెయిమ్ వస్తే కంపెనీ ఆరోగ్య వివరాలు తవ్వి, ముఖ్యమైన సంగతి దాచారని తేలితే డబ్బు ఇవ్వకపోవచ్చు. ల్యాప్స్ అయినదాన్ని రివైవ్ చేస్తే ఆ మూడేళ్ళు మళ్ళీ మొదలవుతాయి. ఉన్నది రాస్తే మహా అయితే ప్రీమియం కాస్త పెరుగుతుంది, లేదా పరీక్షలు అడుగుతారు. దాచిన పాలసీ తిరస్కరణకు గురైతే ఆ ఇంటి ఇల్లాలు నిలదీసేది కంపెనీని కాదు, మిమ్మల్ని.

కమీషన్‌లోంచి మొదటి ప్రీమియం మీరే కట్టేయడం కూడా వద్దు. బేరం మొదలైతే ఆగదు, పైగా 41వ సెక్షన్ కింద అది నేరం. పది లక్షల దాకా జరిమానా ఉంది. బాండు చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చని కూడా మీరే చెప్పండి. కట్టించుకుని అది దాచే ఏజెంటును జనం ఇట్టే పట్టేస్తారు.

మొదటి రెండేళ్ళు దీని మీదే ఇల్లు గడవడం కష్టం. ట్యూషన్లో, అకౌంట్స్ పనో పక్కన ఉంచుకోండి. నెల ఖర్చుకు డబ్బు లేనప్పుడే ఏజెంటు బాబాయిల వెంటపడతాడు.