రెజ్యూమెకి వేసే మార్కులు పనితనాన్ని పట్టిస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: అనంతపురంలో డ్రిప్ పరికరాల డీలర్‌షిప్ మాది. ఫీల్డ్ స్టాఫ్ కోసం వచ్చే రెజ్యూమెలకు 100కి మార్కులు వేసి, 55 దాటినవాళ్లను ఇంటర్వ్యూకి పిలుస్తాం. నాలుగేళ్లలో 60 మందిని తీసుకున్నాం. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లే బాగా పనిచేస్తున్నారా అన్నది ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

మార్కుల జోలికి పోకముందు, బాగా పనిచేయడం అన్నది మీ ఆఫీసులో ఏ రిజిస్టర్‌లో కనిపిస్తుందో చూసుకోండి. అందరూ ముందు అమ్మకాల లెక్కే తీస్తారు. మన జిల్లాలో దాన్ని ఉన్నది ఉన్నట్టు వాడితే తప్పుదారి పడతారు. నార్పల, పుట్లూరు వైపు అరటి, చీనీ తోటలున్నచోట రైతే డ్రిప్ కావాలని వెతుక్కుంటూ వస్తాడు. అదే మనిషిని కుందుర్పి వైపు, వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఊళ్లకు పంపితే అమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా ఎక్కువ మార్కులవాళ్లకే మంచి మండలాలు ఇచ్చి ఉంటే, మార్కులకూ అమ్మకాలకూ ఉన్న సంబంధం మీ చేత్తో మీరు పెట్టిందే. అందుకని ఒక్కొక్కరి అమ్మకాన్ని అదే మండలంలో, అదే సీజన్‌లో మిగతా ఏళ్ల సగటుతో భాగించండి. 1 వస్తే సగటు మనిషి, 1.3 వస్తే సగటు కంటే 30 శాతం ఎక్కువ. సబ్సిడీ మంజూర్లు ఆగిపోయిన నెలలుంటే వాటిని అందరికీ తీసేయండి.

నన్నడిగితే అమ్మకం కంటే ఫిర్యాదుల రిజిస్టర్ మేలైన కొలత. బిగించిన 60 రోజుల్లోపు ఎన్ని పొలాలకు మళ్లీ వెళ్లాల్సి వచ్చిందో, 100 బిగింపులకు ఎన్ని చొప్పునో లెక్క కట్టండి. కానీ ఫిర్యాదులన్నీ ఒక గాటన కట్టకండి. "చివరి లైన్లలో నీళ్లు రావడం లేదు" అని రాసి ఉంటుంది. శాండ్ ఫిల్టర్ కడగక మూసుకుపోయి ఉంటే అది రైతు వైపు లోపం. సబ్‌మెయిన్ పైపు సైజు తక్కువ వేసినా, లేటరల్ పొడవు మోతాదు మించినా, చివర ఫ్లష్ వాల్వ్ పెట్టకపోయినా మీవాడి లోపం. రెండో రకాన్నే లెక్కలోకి తీసుకోండి. ఈ విభజన చేసే సర్వీస్ మనిషికి ఎవరికెన్ని మార్కులొచ్చాయో తెలియకూడదు. సూపర్‌వైజర్ రేటింగ్‌తో ఉన్న ఇబ్బంది కూడా ఇదే. మార్కులు చూసిన సూపర్‌వైజర్ 80 వచ్చిన కుర్రాడి తప్పును "కొత్త కదా" అని వదిలేస్తాడు, 57 వాడి తప్పును గుర్తుపెట్టుకుంటాడు.

ఏ కొలత వాడేదీ లెక్క మొదలుపెట్టకముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అమ్మకంతో సంబంధం కనిపించలేదని ఫిర్యాదులు, అవీ కుదరలేదని హాజరు చూసుకుంటూ పోతే ఏదో ఒకటి కుదిరే తీరుతుంది, కానీ దానికి విలువ ఉండదు.

ఇక మార్కులు. పాత ఫైళ్లలో ఉన్న అంకెను నమ్మకండి. ఇంటర్వ్యూలో నచ్చినవాడికి తర్వాత నాలుగు మార్కులు కలిపిన సందర్భాలు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. 60 రెజ్యూమెల్లోనూ పేరు, ఫొటో, ఊరు కప్పేసి, ఈ మనుషుల పనితీరు తెలియని ఇద్దరి చేత విడివిడిగా మళ్లీ మార్కులు వేయించండి. ఒకే రెజ్యూమెకి ఒకరు 62, ఇంకొకరు 78 వేస్తున్నారంటే పద్ధతిలోనే నిలకడ లేదు. అలాంటి అంకె దేన్నీ సరిగా పట్టించలేదు కాబట్టి, ముందు మార్కుల నియమాలను బిగించండి. ఇద్దరూ దగ్గర దగ్గరగా వేస్తే సగటు తీసుకోండి.

మానేసినవాళ్లను వదిలేయొద్దు. ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లనే చూస్తే, పని చేతకాక మూడో నెలలోనే వెళ్లిపోయినవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. ఆరు నెలలు నిండినవాళ్లందరికీ మొదటి ఆరు నెలల పనే కొలవండి. అంతకంటే ముందే వెళ్లినవాళ్లను "ఆరు నెలలు నిలిచారా, లేదా" అనే వేరే ప్రశ్న కింద చూడండి.

లెక్కకు ఎక్సెల్ చాలు. B నిలువు వరుసలో మార్కులు, C లో పనితీరు పెట్టి, రెంటినీ ర్యాంకులుగా మార్చి, ఆ ర్యాంకుల మధ్య సహసంబంధం తీయండి. రెండూ ఎంతగా కలిసి కదులుతున్నాయో -1 నుంచి 1 లోపు చెప్పే అంకె అది. ర్యాంకులు వాడితే విపరీతంగా అమ్మిన ఒక్క మనిషి లెక్కంతటినీ తనవైపు లాగేయలేడు.

```
D2: =RANK.AVG(B2,B$2:B$61,1)
E2: =RANK.AVG(C2,C$2:C$61,1)
G2: =CORREL(D2:D61,E2:E61)
```

D2, E2 సూత్రాలను చివరి వరుస దాకా కిందికి లాగండి. ఆరు నెలలు నిండనివాళ్ల వరుసలు ఇందులో పెట్టకండి, అప్పుడు 61 బదులు మీ చివరి వరుస నంబరు వేయండి. C లో ఫిర్యాదులు పెడితే, మార్కులు పనిచేస్తున్నట్టయితే G2 మైనస్‌లో రావాలి. అమ్మకం నిష్పత్తి పెడితే ప్లస్‌లో రావాలి.

అమ్మకం నిష్పత్తి మీద 0.25 వచ్చిందనుకుందాం. 60 మందీ లెక్కలోకి వస్తే ఆ 0.25 చుట్టూ ఉండే 95 శాతం హద్దులు సుమారు 0 నుంచి 0.47 దాకా పోతాయి. అంటే మార్కులకు అసలు పసే లేకపోవచ్చు, లేదా చాలా బాగా పనికొస్తూ ఉండవచ్చు. రెండింటినీ ఈ డేటా కాదనలేదు. ఇక్కడే చాలామంది "ప్లస్ వచ్చింది కదా" అని ఫైలు మూసేస్తారు. ఫిర్యాదుల కొలతలో కూడా అదే దిశ కనిపిస్తే, మొదటి రెండేళ్ల బ్యాచ్‌లోనూ తర్వాతి రెండేళ్ల బ్యాచ్‌లోనూ విడివిడిగా అదే దిశ కనిపిస్తే, అప్పుడు కొంత నమ్మకం పెట్టుకోవచ్చు.

దీని కింద ఇంకా లోతైన చిక్కు ఉంది. 55 కన్నా తక్కువ వచ్చినవాళ్లు ఎలా పనిచేసేవాళ్లో మీ దగ్గర ఆధారమే లేదు. తీసుకున్నవాళ్ల మార్కులన్నీ ఒక ఇరుకు పరిధిలో ఉంటాయి కాబట్టి సంబంధం ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. దీనికి దిద్దుబాటు సూత్రం ఉంది. ఇందులో r మీకు వచ్చిన సహసంబంధం, rc దిద్దిన అంకె, SD అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత:

```
rc = r*u / sqrt(1 - r^2 + r^2*u^2)
u = అభ్యర్థులందరి మార్కుల SD / తీసుకున్నవారి మార్కుల SD
```

అభ్యర్థులందరిలో SD 15, తీసుకున్నవాళ్లలో 9 అయితే u 1.67. అప్పుడు 0.20 కాస్తా 0.32 అవుతుంది. కానీ ఎంపిక పూర్తిగా మార్కుల మీదే జరిగినప్పుడే ఈ సూత్రం చెల్లుతుంది. మీ దగ్గర మధ్యలో ఇంటర్వ్యూ ఉంది. 56 మార్కులతో ఉద్యోగం దక్కించుకున్నవాడు ఇంటర్వ్యూలో గట్టిగా మెప్పించే వచ్చి ఉంటాడు, 85 వాడు ఓ మోస్తరుగా మాట్లాడినా సరిపోయి ఉంటుంది. అందువల్ల లోపలికి వచ్చినవాళ్లలో తక్కువ మార్కులవాళ్లే మెరుగ్గా కనిపించి, సంబంధం తలకిందులు కూడా కావచ్చు. ఉద్యోగ ఎంపిక పరిశోధనల్లోనూ ఇలాంటి దిద్దుబాట్లు మోతాదు మించాయని 2022లో సాకెట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చూపించి, పాత అంచనాలు చాలావాటిని కిందికి దించారు. కాబట్టి దిద్దిన అంకెను పక్కన రాసుకోండి, రుజువుగా చూపకండి.

అసలు రుజువు రాబోయే నియామకాల్లోంచి రావాలి. మార్కుల నియమాలను ఈ రోజుకి స్థిరం చేయండి. పాత 60 మందిని చూసి "బైక్ లైసెన్స్‌కు 10 కాకుండా 20 ఇద్దాం" అని మార్చి, మళ్లీ ఆ 60 మంది మీదే పరీక్షిస్తే అంకె బాగా వచ్చి తీరుతుంది. దానివల్ల మీకు తెలిసేదేమీ ఉండదు. మార్పు చేయాలనిపిస్తే చేయండి, కానీ పరీక్ష కొత్త బ్యాచ్ మీదే. రాబోయే ఏడాది మార్కులు ఒక్కరి దగ్గరే ఉండాలి, ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ సూపర్‌వైజర్లకూ తెలియకూడదు. 40 నుంచి 55 మధ్య వచ్చినవాళ్లలోంచి చీటీలు తీసి కొందరిని ఇంటర్వ్యూకి పిలవండి. మండలాలు కూడా చీటీల ప్రకారమే కేటాయించండి. ఆ తక్కువ మార్కులవాళ్లు ఆరు నెలల తర్వాత మిగతావాళ్లతో సమానంగా నిలిచి, సమానంగా అమ్మి, ఫిర్యాదులు కూడా అంతే తెస్తుంటే, మీ 55 గీత మంచి మనుషుల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. తేడా స్పష్టంగా కనిపిస్తే గీత ఉంచుకోండి. మనుషులు మరీ కొద్దిమందే దొరికితే రెండో ఏడాదీ ఇదే పద్ధతిలో నడిపి, రెండేళ్లవీ కలిపి చూడండి.