ఆహార డైరీ గురించి మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి, అత్తయ్య ఆశీస్సులు.

మూడో తరగతి పిల్లలకు ఆహార వర్గాలు, సమతులాహారం మీద రెండు వారాల పాఠం తయారుచేస్తున్నావనీ, అందులో పళ్ళెం బొమ్మ గీయించి, వారం రోజుల ఆహార డైరీ కూడా రాయించబోతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. వింటున్నంతసేపూ మురిసిపోయాను. ఫోను పెట్టేశాక ఆ డైరీ మాటే చెవిలో మెదిలి, రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

వర్గాల పరిచయానికి ఒక పీరియడు చాలు. ధాన్యాలు, మాంసకృత్తులు ఇచ్చేవి, కూరగాయలు, పళ్ళు, పాల పదార్థాలు అని ఐదు పేర్లు చెప్పి, ఒక్కో దాని పనిని ఒక్కో వాక్యంలో ముగించు. బంగాళాదుంప దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా నిలదీస్తారు. అది కూరగాయే అయినా అందులో ఎక్కువగా ఉండేది పిండిపదార్థం. అమెరికా ప్రభుత్వం 2011లో తెచ్చిన పళ్ళెం బొమ్మ దాన్ని కూరగాయల్లో చేర్చింది, హార్వర్డు విశ్వవిద్యాలయం వారి పళ్ళెం బొమ్మ చేర్చదు. కాబట్టి ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఉన్నట్టు నటించకు, పిల్లలను వాదించుకోనివ్వు.

పళ్ళెం బొమ్మ మంచి ఆలోచన. నేను పాఠం చెప్పే రోజుల్లో పిరమిడ్ బొమ్మ ఉండేది. 1992లో అమెరికా వ్యవసాయ శాఖ తెచ్చిన ఆ పిరమిడ్‌లో నూనెలు, తీపి పదార్థాలు అతి తక్కువగా తినాలని శిఖరాన పెట్టారు. మా పిల్లలేమో పైన ఉన్నది గొప్పదనుకుని తీపికే మొదటి స్థానం ఇచ్చేవారు. 2011లో ఆ శాఖ వాళ్ళు దాన్ని వదిలి పళ్ళెం బొమ్మకు మారారు. పళ్ళెంలో పైనా కిందా లేవు, భాగాలే ఉన్నాయి, కనుక ఆ పొరపాటుకు చోటు లేదు.

అయితే గీయించే వరుస ముఖ్యం. సగం కూరగాయలూ పళ్ళూ, పావు ధాన్యాలు, పావు మాంసకృత్తులు అని ముందే బోర్డు మీద గీసి చూపించావంటే, నలభై మందీ ఆ బొమ్మనే దించి తెస్తారు, నీకు తెలిసేది ఏమీ ఉండదు. ముందు ఏ గీతా లేని గుండ్రటి కాగితం ఇచ్చి, తమకు ఇష్టమైన భోజనాన్ని గీయమను. రంగులు వేశాక ఆ కాగితాన్ని సగానికి ఒకసారి, మళ్ళీ సగానికి ఒకసారి మడిచి విప్పమంటే నాలుగు పావులు వాటంతటవే కనిపిస్తాయి. ధాన్యం రెండు పావులు దాటి మూడో దానిలోకి పాకిందనీ, కూరగాయ ఒక మూలన బొట్టులా మిగిలిందనీ పిల్లవాడు తన వేలితోనే చూపిస్తాడు. ఆ తర్వాతే సగం, పావుల లెక్క చెప్పి, మళ్ళీ గీయడానికి రెండో కాగితం ఇవ్వు. పాలకు పళ్ళెం పక్కన చిన్న గ్లాసు గీయిస్తే సరిపోతుంది. ప్రతి పూటా పళ్ళెం ఇలాగే ఉండాలని కాదు, రోజు మొత్తం మీద ఈ పోలికకు దగ్గరగా వస్తే చాలని ఒక్కమాట చెప్పడం మరచిపోకు.

ఇక డైరీ. ఇక్కడ నేను చేసిన తప్పు నీకు చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన ఆరో ఏట నేను కూడా వారం డైరీ రాయించాను. ప్రతి పిల్లవాడి పేరూ గోడ మీద చార్టులో రాసి, రోజుకు ఎన్ని వర్గాలు తింటే అన్ని నక్షత్రాలు అంటించాను. ఎంత సంబరపడ్డానో! నాలుగో బెంచీలో ఒక పిల్లవాడికి రోజూ ఐదు నక్షత్రాలే. తరగతి ముందు నిలబెట్టి వాడి డైరీని గట్టిగా చదివించాను, మిగిలిన వాళ్ళతో చప్పట్లు కొట్టించాను. శుక్రవారం పుస్తకాలు తీసుకుని తిరగేస్తుంటే వాడి పుటలో శనివారం, ఆదివారం కూడా నిండి ఉన్నాయి. ఏడు రోజులూ ఒకే పెన్సిలు మొన, ఒకే వాలు, అక్షరాల మీద ఒకే ఒత్తిడి. ఒకేసారి కూర్చుని రాసిందని చూడగానే తెలుస్తుంది. నేను ఆలోచించకుండా, అందరూ వింటుండగానే, "ఆదివారం ఇంకా రానేలేదు కదరా, గుడ్డు ఎలా తిన్నావు?" అని అడిగాను. తరగతి అంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

తర్వాత వాళ్ళ అమ్మ వచ్చి చెబితే తెలిసింది, ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఒక పూటే. వాడు పక్కబెంచీ పిల్లవాడి డైరీ చూసి ఆ పాలూ, గుడ్డూ, పండూ దించుకున్నాడు. ఆ ఏడాది చివరిదాకా డబ్బా మూత అడ్డం పెట్టుకునే అన్నం తినేవాడు. నేను బతిమాలినా ఆ మూత తీయలేదు. వాడు అబద్ధం చెప్పాడని అనకు; ఏ జవాబుకు నక్షత్రం వస్తుందో నేను చెప్పాను, వాడు ఆ జవాబు రాశాడు.

అందుకని అమ్మాయీ, నక్షత్రాలు వద్దు, మార్కులు వద్దు, గోడ మీద చార్టు అసలే వద్దు. బరువు, కేలరీల గడులు నీ పుటలో ఉంటే ఇప్పుడే కొట్టివెయ్యి. ఎనిమిదేళ్ళ పిల్ల తన పొట్ట వైపు అనుమానంగా చూసుకోవడం నేను కళ్ళారా చూశాను. "మంచి తిండి", "చెడ్డ తిండి" అనే మాటలు నీ నోటి వెంట కూడా రాకూడదు. ఈ విషయంలో నన్ను చాదస్తురాలనుకున్నా సరే.

డైరీ మానేయమని నేను అనడం లేదు. ముందు ఒక కల్పిత పిల్లవాడి డైరీని నువ్వే తయారుచేసి, దాని మీద అందరితో లెక్క చేయించు. ఏడు రోజుల గడుల్లో ధాన్యాలు ఏడు రోజులూ ఉన్నాయి, పాలు ఐదు రోజులు, పప్పో గుడ్డో నాలుగు, కూరగాయలు మూడు, పండు ఒక్కరోజు అనుకో. ఐదు రంగుల చుక్కలు పెట్టించి ఏ రంగు పలచబడిందో అడుగు. "రోజూ పండు తినాలి" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. అక్కడ ఆపి, ఈ వారంలో ఒకే ఒక్క మార్పు చేయడానికి వీలుంటే ఏ రోజు, ఏ పూట చేస్తావని అడుగు. అప్పుడే వాళ్ళు నిజంగా పుట వంక చూస్తారు. ఒక చెంచా కూరకూ, గిన్నెడు కూరకూ చుక్క ఒకటే కాబట్టి, ఈ డైరీ రకాలను మాత్రమే చెబుతుందనీ, తిన్నది సరిపోయిందో లేదో చెప్పలేదనీ కూడా వాళ్ళకు ఈ లెక్కలోనే తెలియాలి.

సొంత డైరీ ఆ తర్వాత. ఉదయం మొదటి పది నిమిషాల్లో నిన్నటి ఒకే ఒక్క పూటను తరగతిలోనే రాయించు. పూట ఏదో వాళ్ళ ఇష్టం. ఇంటికి పంపితే ఆదివారం రాత్రి ఏడు రోజులదీ ఒక్కసారే కల్పిస్తారు. ఆదివారంది సోమవారం ఉదయం రాస్తారు కాబట్టి వారం దానంతటదే పూర్తవుతుంది. పుస్తకం వాళ్ళ దగ్గరే ఉండనీ, నువ్వు అడిగి తీసుకోకు. చూపించాలనుకున్నవాడు తనే చూపిస్తాడు. రాయడం ఇష్టంలేని పిల్లకు ఆ కల్పిత పిల్లవాడి రెండో వారాన్ని నింపే పని ఇవ్వు, కారణం అడక్కు.

డైరీ పుట అచ్చుకు ఇచ్చే ముందు నాకు ఒక ప్రతి పంపు. ఆ కళ్ళజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కుని మరీ చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య